ఆ ఏడు రోజుల్లో రెండు భయానికే పోయాయి

మా చిన్నోడు తొమ్మిదో తరగతి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను దోసెల పిండి రుబ్బుకుంటుంటే, "మమ్మీ, నీ ఫోన్‌కి ఒక నంబర్ వచ్చుంటుంది, చెప్పు" అని గదిలోంచి అరిచాడు. ఎందుకురా అంటే గేమ్ కోసమన్నాడు. పిండి చేతులతోనే ఫోన్ చూసి ఆ అంకెలు చదివి చెప్పాను. బ్యాంకు నుంచి అని ఎవడు అడిగినా ఓటీపీ చెప్పని మనిషిని నేను. కొడుకు అడిగేసరికి ఆలోచించనే లేదు.

బుధవారం సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి అక్కా, అక్క కొడుకూ వచ్చారు. అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. మావాడు వాడి దగ్గర ఏడ్చేశాడు. అప్పుడు తెలిసింది సంగతి.

వీడు ఆడేది ఫ్రీ ఫైర్ మ్యాక్స్. అందులో ఎవరో పరిచయమై, "నా ఐడీలో పాత బండిల్స్ ఉన్నాయి, నీ ఐడీతో ఎక్స్‌ఛేంజ్ చేసుకుందాం, ముందు నీది ఇవ్వు, చూసి నాది ఇస్తా" అన్నాడట. వీడు ఫేస్‌బుక్ మెయిలూ పాస్‌వర్డూ ఇచ్చాడు. నేను చదివి చెప్పిన నంబరు ఫేస్‌బుక్ లాగిన్ కోడ్. ఇంకేముంది, అవతలివాడు మాయం.

"పిన్నీ, ఆ గేమ్‌కి సొంత తాళం లేదు. ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో కట్టి ఉంటుంది. ఫేస్‌బుక్ ఇచ్చేస్తే గేమ్ ఇచ్చేసినట్టే" అన్నాడు అక్క కొడుకు. అంతటితో ఆగలేదు. మావాడి జీమెయిల్‌కీ అదే పాస్‌వర్డ్, పేరు పక్కన పుట్టిన సంవత్సరం. అవతలివాడు దాంతోనే జీమెయిల్‌లోకి వెళ్లబోతే, వీడి ఫోన్‌లో "లాగిన్ అవుతున్నది మీరేనా?" అని వచ్చింది. ఎక్స్‌ఛేంజ్‌లో భాగమేమో అనుకుని అవును నొక్కాడు. రెండు పాస్‌వర్డ్‌లూ మారిపోయాయి, రికవరీ ఫోన్‌గా ఉన్న నా నంబరూ మారిపోయింది.

మావారు ఆదోని పత్తి యార్డులో గుమాస్తా. "కాటా పడకుండా, చీటీ రాకుండా బండి వదిలేస్తారా ఎవరైనా?" అని మండిపడ్డారు. నిజమే, కానీ నాకు అర్థమైంది ఏమిటంటే, పత్తి అమ్మాక కొన్నవాడి సొంతమవుతుంది, ఐడీ కాదు. అవతలివాడు నిజంగానే తన ఐడీ ఇచ్చినా, దాన్ని తెరిచిన మెయిలూ ఫోన్ నంబరూ వాడి చేతిలోనే ఉంటే ఎప్పుడైనా వెనక్కి లాక్కోగలడు. పైగా ఖాతాలు అమ్ముకోవడం, మార్చుకోవడం ఆ ఆట నియమాలకే విరుద్ధం. కాబట్టి మోసగాడెవడు, మంచోడెవడు అని పిల్లలకు నేర్పడం దండగని నా అభిప్రాయం. ఐడీ ఎక్స్‌ఛేంజే వద్దు, అంతే.

ఇక తిరిగి తెచ్చుకోవడం. అందరూ ముందు గేమ్ వెంట పడతారు. ముందు పట్టాల్సింది మెయిల్. రికవరీ నంబరు మార్చేసినా, పాత నంబరుకే కోడ్ తెప్పించుకునే వీలు గూగుల్ ఒక వారం ఉంచుతుంది. మాకు అప్పటికి మూడు రోజులు గడిచాయి. మావాడు రోజూ వాడే ఫోన్‌లోనే, మా ఇంట్లోనే కూర్చుని g.co/recover తెరిచారు. కొత్త ఫోన్‌లో, వేరే ఊళ్లో ప్రయత్నిస్తే గూగుల్ అనుమానిస్తుందట. నా నంబరుకు కోడ్ వచ్చింది, మెయిల్ దొరికింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, రికవరీ నంబరు మళ్లీ నాది చేసి, లిస్టులో ఉన్న తెలియని ఫోన్‌ను తీసేశాం. ఆ మెయిల్ ద్వారా ఫేస్‌బుక్, దాని వెనకే గేమ్ వచ్చాయి. డైమండ్లు మాత్రం ఖర్చయిపోయాయి. డబ్బు కూడా పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి.

ఇప్పుడు మెయిల్‌కి ఒక పాస్‌వర్డ్, ఫేస్‌బుక్‌కి ఇంకొకటి. రెండింటికీ టూ-స్టెప్ పెట్టించాను. గూగుల్ ఇచ్చిన పది బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో రేషన్ కార్డు పక్కన పెట్టాను.

వాడు మోసపోయాడని సోమవారం ఉదయానికే వాడికి తెలుసట. నాన్న ఫోన్ లాక్కుంటాడని రెండు రోజులు నోరు మెదపలేదు. ఇంకో నాలుగు రోజులు అలాగే ఉండి ఉంటే నా నంబరు కూడా పనికొచ్చేది కాదు. ఫోన్ లాక్కుంటే పిల్లలు జాగ్రత్త నేర్చుకుంటారని చాలామంది తల్లులు అంటారు. మా ఇంట్లో ఆ బెదిరింపు వాడికి దాచడమే నేర్పింది. అందుకే మావారితో, నాతో కలిపి ఒక మాట అనుకున్నాం: అదే రోజు చెబితే తిట్లుండవు. ఓటీపీ చదివి చెప్పింది నేనే కదా, ఎవరిని తిట్టాలి చెప్పండి?