కార్యాలయ లేఖనం: గడువు దాటించే సహోద్యోగికి మెయిల్

ఇద్దరు సమానస్థాయి ఉద్యోగులు కలిసి చేయవలసిన పనిలో ఒకరు పదేపదే గడువు తప్పితే రెండవవారికి కోపం రావడం సహజం. ఆ కోపం ఈ-మెయిల్‌లోకి ప్రవేశిస్తే మాత్రం గడువు విషయం వెనుకబడి, మాట విషయమే వివాదమవుతుంది. ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుని దీనిని పరిశీలిద్దాం.

గణాంక విభాగంలోని ఒక ఉద్యోగి ప్రతి నెలా 7వ తేదీన ప్రధాన కార్యాలయానికి ఏకీకృత నివేదిక పంపాలి. అందుకు స్టోర్స్ విభాగం నుండి సరుకు వినియోగ వివరాలు 5వ తేదీకి రావాలి. ఏప్రిల్ వివరాలు మే 8న, మే వివరాలు జూన్ 9న వచ్చాయి. జూలై 6 ఉదయానికి జూన్ వివరాలు రాలేదు. అప్పుడు ఆయన సిద్ధం చేసిన చిత్తుప్రతి ఇది:

“మీరు ఎప్పటిలాగే ఈ నెల కూడా వివరాలు పంపలేదు. మీ వల్లే మా నివేదిక ఆలస్యమవుతోంది. ప్రతిసారీ గుర్తుచేయడం నా పని కాదు. ఇకనైనా బాధ్యతగా వ్యవహరించండి.”

ఇందులో అసత్యమేమీ లేకపోవచ్చు. అయితే తేదీ ఒక్కటీ లేదు. ఎప్పటికి ఏమి కావాలో లేదు. ఉన్నదంతా తీర్పే. తెలుగులో నింద తరచుగా చిన్న ప్రత్యయాలలో దాగి ఉంటుంది. ‘మీ వల్లే’లోని ఏకారం, ‘ఈ నెల కూడా’, ‘ఇకనైనా’, ‘ఎప్పటిలాగే’ అనేవి చదివేవారిని సూదిలా గుచ్చుతాయి. మొదట వీటిని తొలగించాలి. ‘మీరు పంపలేదు’ అన్నచోట ‘నాకు అందలేదు’ అంటే విషయం మారదు, వేలెత్తి చూపడం మాత్రం పోతుంది. పైగా దారిలో ఎక్కడైనా మెయిల్ నిలిచిపోయి ఉంటే ఆ మాటే సరియైనది కూడా.

మృదుత్వం పేరిట గడువునే కరిగించడం రెండవ ప్రమాదం. ‘వీలు చూసుకుని పంపగలరు’ అని రాస్తే అవతలివారు నిజంగానే వీలు చూసుకుంటారు. మెత్తబడవలసినది తీర్పు, తేదీ, పరిణామం, అభ్యర్థన గట్టిగానే ఉండాలి. ఈ సూత్రం ప్రకారం సవరించిన ప్రతి ఇలా ఉంటుంది:

“విషయం: జూన్ వినియోగ వివరాలు – రేపు (7వ తేదీ) మధ్యాహ్నం 12 గంటలకు అవసరం.

నమస్కారమండీ. జూన్ వివరాలు నాకు ఇంకా అందలేదు. ఏప్రిల్ వివరాలు మే 8న, మే వివరాలు జూన్ 9న అందినందున ఆ రెండు నివేదికలూ గడువు దాటి వెళ్ళాయి. రేపు 12 గంటలకు అందితే సాయంత్రానికి నివేదిక పంపగలను. ఏదైనా గోదాము లెక్క తేలకపోతే, సిద్ధమైనవి ముందుగా పంపి, మిగిలినది ఎప్పటికి వస్తుందో తెలియజేయండి. 5వ తేదీ మీకు ఇబ్బందిగా ఉంటే ఈ వారంలో పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుందాం.”

ఇది మొదటిదానికంటే పొడవైనది, కాని ప్రతి వాక్యానికీ పని ఉన్నది. రెండు పాత తేదీలు ‘ఎప్పటిలాగే’ అన్న మాట చేయవలసిన పనిని నింద లేకుండా చేస్తాయి. చివరి వాక్యం కారణం చెప్పుకోవడానికి తలుపు తెరుస్తుంది. గోదాముల ఖాతాలు 4వ తేదీ రాత్రికి గాని ముగియకపోతే, 5వ తేదీ గడువును మరునాటికి జరపడమో, 5న తాత్కాలిక అంకెలు తీసుకోవడమో మేలు. అటువంటి చిక్కును ఎన్ని కఠినమైన మెయిళ్ళూ తీర్చలేవు.

ప్రతులు ఎవరికి పంపాలన్నది మరొక ముఖ్యమైన సంగతి. పై అధికారికి ప్రతి వెళ్ళినట్లు కనబడితే ఎంత సౌమ్యమైన మాటైనా ఫిర్యాదుగానే చదవబడుతుంది. జవాబు వివరాలతో కాక, సంజాయిషీతో వస్తుంది. కనుక ఈ మెయిల్ ఆయన ఒక్కరికే వెళ్ళాలి. చిత్తుప్రతి రాసేటప్పుడు చిరునామా గడిని ఖాళీగా ఉంచి, గంట తరువాత మళ్ళీ చదివి నింపడం మంచి అలవాటు.

ఫలితాన్ని జవాబును బట్టి తెలుసుకోవచ్చు. తేదీతో కూడిన జవాబు వస్తే మెయిల్ పనిచేసినట్లే. కేవలం ‘సరేనండీ’ అని వస్తే గడువు కుదిరినట్లు కాదు. అదే రోజు ఫోనులోనో, ఆయన బల్ల వద్దకు వెళ్ళో గంట నిర్ధారించుకోవాలి. అప్పటికీ వచ్చే నెల ఆలస్యమైతే పై అధికారికి చెప్పక తప్పదు. అయితే ఆ సంగతి ముందుగా ఆయనకే తెలియాలి: “తేదీ మార్పు గురించి మన అధికారులతో మాట్లాడదలచాను, మీరూ రండి” అని పిలవాలి. తెలియకుండా వెళ్ళిన ఫిర్యాదు రేపటి సహకారాన్ని చెరుపుతుంది. చెప్పి వెళ్ళినది ఇద్దరి సమస్యగా మిగులుతుంది.