మూడు బాణాలు, ఒక త్రిభుజం

గత నెలలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగించుకుని వచ్చేసరికి మా ఫోనులో ఒక ఫోటో ఎదురుచూస్తూ ఉంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న మా చెల్లెలి కూతురు తన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలోని ఒక పటాన్ని తీసి పంపించింది. కింద ఇలా రాసింది: “మామూ, ఈ పెట్టె కదలడం లేదని పుస్తకమే చెబుతోంది. మరి N బాణం mg బాణం కన్నా పొట్టిగా ఎందుకుంది? సమతాస్థితి అంటే రెండూ సమానంగా ఉండాలి కదా? పోయిన పరీక్షలో ఈ లెక్కకే మార్కులు పోయాయి. రేపు మళ్లీ ఇదే పాఠం మీద పరీక్ష.”

ప్రశ్న చాలా న్యాయమైనది. బల్ల మీద పుస్తకం ఉన్న పటం ఆమె మనసులో ముద్రపడిపోయింది. అందులో కిందికి ఒక బాణం, పైకి ఒక బాణం, రెండూ ఒకే పొడవు. ఇక్కడ పెట్టె ఉన్నది బల్ల మీద కాదు, 30 డిగ్రీల వాలుతలం మీద. పెట్టె ద్రవ్యరాశి 2 కిలోలు.

సమాధానానికి ముందు ఆ ఫోటోను చక్కదిద్దవలసి వచ్చింది. ఫోను కాస్త వంకరగా పట్టుకోవడం వల్ల పటమంతా ఒక పక్కకు ఒరిగింది. భారాన్ని తెలిపే mg బాణం నిట్టనిలువుగా కాక ఏటవాలుగా కనిపిస్తున్నది. ఇటువంటప్పుడు వాలుతలానికి అడుగున గీసిన క్షితిజ సమాంతర రేఖను ఆధారం చేసుకోవాలి. ఆ రేఖ సమంగా కనిపించే దాకా ఫోనును తిప్పితే mg దానికి లంబంగా, సరిగ్గా కిందికి వచ్చి నిలుస్తుంది. N బాణం మాత్రం ఆ రేఖకు కాదు, వాలుతలానికి లంబంగా ఉంటుంది. అందుకే దానిని అభిలంబ బలం అన్నారు. (ఆ అక్షరం చూసి న్యూటన్ అనే ప్రమాణం అనుకునే పిల్లలు తక్కువేమీ కాదు. పటంలో అది బలం పేరు. సంఖ్య పక్కన ఉంటేనే ప్రమాణం.) పేజీకి ఎదురుగా కాక పక్క నుంచి తీసిన ఫోటోలో కోణాలే మారిపోతాయి కనుక అక్కడ కోణమానినిని నమ్మకూడదు, ముద్రించిన 30 డిగ్రీలనే నమ్మాలి.

ఫోటోలో కుడి అంచు కూడా తెగిపోయింది. వాలు వెంబడి పైకి వెళ్లే ఒక బాణం సగమే పడింది, దాని పేరు పడలేదు. అయినా అదేమిటో కనుక్కోవచ్చు. పెట్టెను తాకుతున్నది ఏమిటి? వాలుతలం ఒక్కటే. తాకే తలం రెండు పనులు చేయగలదు: తనకు లంబంగా నెట్టగలదు, తన వెంబడి జారడాన్ని ఆపగలదు. మొదటిది N. కాబట్టి రెండవది ఘర్షణ బలం, అంటే f. పెట్టె కిందికి జారబోతుంది కనుక ఆ బాణం పైకి చూస్తున్నది. తాకకుండా లాగేది భూమి ఒక్కటే. వెరసి మూడే బలాలు.

మా మేనకోడలు మాత్రం ఐదు లెక్కపెట్టింది. mg sinθ, mg cosθ అని రాసిన చుక్కల బాణాలు రెండింటిని కూడా కలిపేసుకున్నది. అవి వేరే బలాలు కావు. భారాన్నే వాలు వెంబడి ఒక భాగంగా, దానికి లంబంగా మరొక భాగంగా విడదీసి చూపినవి. మొత్తాన్నీ దాని భాగాలనూ కలిపి లెక్కించడమంటే ఒకే భారాన్ని రెండుసార్లు తూచినట్లు.

ఇక అంకెలు. g విలువను 10 గా తీసుకుంటే భారం 20 న్యూటన్లు. వాలు వెంబడి దాని భాగం 20 × sin 30° = 10 న్యూటన్లు; దీనిని ఆపేది f, కనుక f కూడా 10. వాలుకు లంబంగా ఉన్న భాగం 20 × cos 30° = 17.3 న్యూటన్లు, N కూడా అంతే. నిజమే, N భారం కన్నా తక్కువ.

తక్కిన బరువును ఎవరు మోస్తున్నారు? అసలు ప్రశ్న ఇదే. N వాలుగా ఉన్నది, f కూడా వాలుగానే ఉన్నది. N లో నిలువుగా పైకి పనిచేసే భాగం 15 న్యూటన్లు, f లో అటువంటి భాగం 5 న్యూటన్లు. రెండూ కలిసి 20. జారకుండా ఆపడమే ఘర్షణ పని అనుకుంటాం. ఇక్కడ అది బరువులో నాలుగవ వంతును మోస్తున్నది కూడా. ఇక అడ్డంగా చూస్తే N ఒక పక్కకు 8.7 న్యూటన్లు నెడుతుంది, f ఎదురు పక్కకు సరిగ్గా అంతే నెడుతుంది. సమతాస్థితి అంటే ఏవో రెండు బాణాలు సమానంగా ఉండడం కాదు. ఒక వస్తువు మీది బలాలన్నిటినీ కలిపితే శూన్యం రావడం.

దీనిని కాగితం మీద చూడవచ్చు. 2 న్యూటన్లకు 1 సెంటీమీటరు చొప్పున mg ని 10 సెంటీమీటర్లు కిందికి గీయమన్నాము. దాని మొన దగ్గర N తోకను పెట్టి, N దిశలోనే 8.7 సెంటీమీటర్లు, ఆ మొన దగ్గర f తోకను పెట్టి 5 సెంటీమీటర్లు. చివరి మొన బయలుదేరిన చోటికే వచ్చి త్రిభుజం మూసుకుంటే ఫలిత బలం లేదన్నమాట. మూసుకోకపోతే ఒక బాణం తప్పిపోయి ఉండాలి, లేదా పొడవు తప్పై ఉండాలి, లేదా వస్తువు నిజంగానే త్వరణంతో కదులుతూ ఉండాలి. పుస్తకాలలోని బాణాలు తరచుగా కొలత ప్రకారం గీసినవి కావు కనుక ఈ పనికి వాటి పొడవును ఎత్తి రాసుకోకూడదు, లెక్కకట్టిన విలువలనే గీయాలి.

పోయిన పరీక్షలో మార్కులు ఎక్కడ పోయాయో అప్పుడు బయటపడింది. లెక్కలో స్థైతిక ఘర్షణ గుణకం 0.7 అని ఇచ్చారు. ఆమె వెంటనే f = μN అని రాసి 12.1 న్యూటన్లు తెచ్చింది. ఆ పొడవుతో గీస్తే త్రిభుజం మూసుకోదు. వాలు వెంబడి పైకి 2.1 న్యూటన్లు మిగులుతాయి. అంటే ఎవరూ తోయకుండానే పెట్టె తనంతట తాను వాలు ఎక్కాలి! 12.1 అనేది ఘర్షణ చేరగల గరిష్ఠ హద్దు మాత్రమే. జారకుండా ఆపడానికి 10 చాలు కనుక అది 10 మాత్రమే ఇస్తుంది. వాలును పెంచుతూ పోతే సుమారు 35 డిగ్రీల దగ్గర హద్దు చేరుతుంది, ఆపైన పెట్టె జారుతుంది.

mg, N చర్య, ప్రతిచర్యలని కూడా రాసింది. బల్ల మీద అవి సమానంగా ఉండడం వల్ల కలిగే భ్రమ ఇది. చర్య, ప్రతిచర్యలు ఎన్నడూ అసమానం కావు. ఇక్కడ N పొట్టిదైపోవడమే అవి ఆ జంట కాదనడానికి సాక్ష్యం. పైగా ఆ జంటలోని రెండు బలాలూ రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. N కు జంట పెట్టె వాలుతలాన్ని నొక్కే బలం. Mg కి జంట పెట్టె భూమిని లాగే బలం. ఈ పటం పెట్టె ఒక్కదానిది కనుక ఆ రెండూ ఇందులో కనిపించవు.

ఈ పటం చెప్పని సంగతి ఒకటుంది. బాణాలన్నీ పెట్టె మధ్య నుంచే గీశారు కనుక జారడం గురించే ఇది చెబుతుంది, బోర్లాపడడం గురించి కాదు. ఎత్తయిన బీరువాను అదే వాలు మీద నిలబెడితే జారకముందే పడిపోవచ్చు. అది తెలియాలంటే ఏ బలం ఎక్కడ తగులుతున్నదో కూడా చూడాలి.

పదకొండు దాటాక రెండవ ఫోటో వచ్చింది, ఈసారి నిటారుగా. గళ్ల కాగితం మీద త్రిభుజం. ఒక మూల రెండు మిల్లీమీటర్లు తెరుచుకుని ఉంది. “నా కోణమానిని పాతది మామూ” అని రాసింది. కోణం మళ్లీ కొలవమన్నాము. 29 డిగ్రీలకే గీసిందట.