ఒక వాక్యమూ, ఒక పుటా

నవల వ్రాసినవారిని "మీ నవల దేని గురించండీ?" అని అడిగి చూడండి. పదిమందిలో ఎనిమిదిమంది "అది చదివితేనే తెలుస్తుంది" అంటారు. మిగిలిన ఇద్దరు అరగంటసేపు కథ చెప్తారు. మొదటి జవాబు అహంకారమని నేననుకోను. నాలుగు వందల పుటలు వ్రాసినవానికి అందులో ఏది వెన్నెముకో, ఏది కండో విడదీసి చూపడం నిజంగానే కష్టం. కాని పత్రికా సంపాదకునికో, ప్రచురణకర్తకో, పరభాషలోకి అనువదించబోయేవారికో ఆ పని రచయితే చేసిపెట్టాలి. సినిమావారి వాడుక నుండి నవలలోకి వచ్చిన 'లాగ్‌లైన్' అనే ఏకవాక్యమూ, 'సినాప్సిస్' అనే ఒక పుట సంగ్రహమూ అందుకోసం ఏర్పడ్డవే. పేర్లు పరాయివైనా పని మనకు కొత్తది కాదు. కావ్యం ఆశీస్సుతోనో, నమస్కారంతోనో, వస్తునిర్దేశంతోనో మొదలుకావాలని దండి ఏనాడో చెప్పాడు. ఆ మూడింటిలో మనవాళ్ళు మొదటి రెండింటినీ పట్టుకుని మూడోదాన్ని వదిలేశారేమోనని నాకొక అనుమానం.

పూర్వం నా దగ్గర చదువుకుని ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్న ఒక అమ్మాయి నవల వ్రాసింది. ఆమె అనుమతితోనే ఆ కథను ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. మొదట నాకు పంపిన వాక్యం ఇది: "మారుతున్న గ్రామీణ జీవితం నేపథ్యంగా, కుటుంబ గౌరవానికీ మానవ విలువలకూ మధ్య నలిగిన ఒక స్త్రీ అంతర్మథనం." ఇందులో భాషాదోషం లేదు. కాని గత యాభై ఏళ్ళలో వచ్చిన ఏ వంద నవలల అట్టలమీదనైనా దీన్ని అచ్చువేయవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. వాక్యం మరో పుస్తకానికి కూడా సరిపోతున్నదంటే అది ఆ పుస్తకం గురించి ఏమీ చెప్పలేదన్నమాట. అంతర్మథనం, సంఘర్షణ, విలువలు, నేపథ్యం అనే మాటలు విమర్శకుడు నవల చదివాక వాడుకోవలసినవి. రచయిత చెప్పవలసినది ఎవరు, ఏమి చేయబోయారు, ఏది అడ్డువచ్చింది అన్నదే.

కథ చెప్పమ్మా అన్నాను. రెండో వాక్యం వచ్చింది: "తాత దగ్గర గొలుసుకట్టు రాత నేర్చుకుని, పెళ్ళై పట్నం వెళ్ళి, భర్త పోయాక ఊరికి తిరిగివచ్చి, తాత దఫ్తరం తెరిచి, నిజం తెలుసుకుని బాధపడిన రాజ్యలక్ష్మి కథ."

ఇది మొదటిదానికంటే ఎంతో నయం. గొలుసుకట్టు రాత వచ్చింది, దఫ్తరం వచ్చింది. (ఈ తరం చదువరులకోసం: కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం కలిపి కరణాలు వ్రాసే రాత అది. పాత గ్రామ లెక్కలు అందులోనే ఉండేవి. ఇప్పుడు చదవగలవారు బహు అరుదు.) అయినా వాక్యం ఎందుకు చప్పగా ఉంది? వ్యాకరణం దగ్గరకు వెళ్తే తెలుస్తుంది. నేర్చుకుని, పెళ్ళై, వెళ్ళి, వచ్చి, తెరిచి, తెలుసుకుని: వరుసగా ఆరు క్త్వార్థకాలు. క్త్వార్థకం ఒక పని తరువాత మరొక పని జరిగిందని మాత్రమే చెప్తుంది, ఒకదానివల్ల మరొకటి జరిగిందని చెప్పదు. కథను కాలక్రమంలో పేర్చడానికి అది చాలు, బిగించడానికి చాలదు. బిగింపు కావాలంటే తెలుగులో వేరే పనిముట్లున్నాయి. పాత్ర ఏమి కోరుతున్నదో తుమున్నర్థకం చెప్తుంది: గెలవడానికి, తీర్చడానికి, దాచడానికి. అడ్డంకిని అప్యర్థకం చెప్తుంది: వెళ్ళినా, తెలిసినా. పణంగా ఏది ఒడ్డబడినదో చేదర్థకం చెప్తుంది: చదివితే, దాస్తే. వీటిలో కనీసం రెండైనా లేని వాక్యాన్ని లాగ్‌లైన్ అనడానికి నాకు మనసొప్పదు. బడిలో ఈ అర్థకాలను మార్కులకోసం బట్టీ వేయించిన రోజుల్లో వీటికి ఇంత చక్కని ఉపయోగముందని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

అసలు కీలకం మాత్రం మరొకచోట దొరికింది. ఆ అమ్మాయి తన కథను ఒక సాయంత్రం వంటింట్లో తోడికోడలికి చెప్పిందట. మర్నాడు ఆమెనే "నిన్న చెప్పిన కథ ఏమిటో చెప్పు అక్కా" అని అడిగింది. ఆవిడ పేర్లన్నీ మరిచిపోయింది, పట్నం, పెళ్ళి అన్నీ మరిచిపోయింది. "ఆ రాత ఆవిడకు తప్ప ఎవరికీ రాదు కదే, అబద్ధం చదివినా పట్టుకునేవాళ్ళు లేరు కదా, మరి ఏం చేసింది?" అన్నదట. ఆ ప్రశ్న రచయిత్రి వ్రాసిన రెండు వాక్యాల్లోనూ లేదు! విన్నవారు మర్నాటికి ఏది మిగుల్చుకున్నారో అదే వాక్యంలోకి రావాలి. ఈ పరీక్షకు సాహిత్యాభిమానులు పనికిరారు, వాళ్ళు శైలిని మెచ్చుకుంటారు. కథ వినే అలవాటున్నవారు కావాలి.

మూడో వాక్యం ఇలా కుదిరింది:

"గొలుసుకట్టు రాత చదవగలిగిన ఆఖరి మనిషిగా ఊరి భూమి తగాదా తీర్చడానికి కూర్చున్న కరణంగారి మనుమరాలికి, తానుంటున్న ఇల్లు తన తాత ఒక కూలివాని నుంచి కాజేసినదని పాత దఫ్తరంలో కనబడుతుంది, ఉన్నదున్నట్టు చదివితే నిలువనీడ పోతుంది, మార్చి చదివితే పట్టుకోగలవారు లేరు."

ముప్పైఒక్క మాటలు. ఇంగ్లీషులో పాతిక ముప్పై మాటలు మేలంటారు. తెలుగులో విభక్తులూ క్రియారూపాలూ మాటలోనే కలిసిపోతాయి కనుక నిజానికి ఇది కాస్త పొడవే. అయినా ఊపిరి తీసుకోవడానికి మధ్యలో చోటుంది, గట్టిగా చదివితే తడబాటు లేదు. అంతకంటే కొలత అక్కరలేదు. రాజ్యలక్ష్మి అనే పేరు పోయిందని గమనించండి. పేరు అపరిచితునికి ఏమీ చెప్పదు. 'కరణంగారి మనుమరాలు' అన్నప్పుడు ఆమెకు ఆ రాత ఎలా వచ్చిందో, ఆ దఫ్తరం ఎవరిదో, దోషం ఎవరి ఇంటికి చుట్టుకుంటుందో ఒక్కసారే తెలిసిపోతాయి. "బాధపడిన" అన్న మాట కూడా పోయింది. చిక్కు కనబడితే బాధ చదువరే ఊహించుకుంటాడు.

అన్ని నవలలకూ ఇదే అచ్చు సరిపోతుందని అనను. మొక్కపాటివారి 'బారిస్టరు పార్వతీశం' (1924) చూడండి. లోకజ్ఞానం లేని మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదవడానికి ఒంటరిగా ఇంగ్లండు బయలుదేరుతాడు, అంతే. చేదర్థకం అక్కరలేదు. ఆ మనిషికీ ఆ పనికీ ఉన్న దూరమే నవ్వు పుట్టిస్తుంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మరొక రకం. తల్లిమీద పడిన అపవాదు నీడలో బ్రతికే దయానిధి అని మొదలుపెట్టవచ్చు గాని, ఆ నవల ప్రాణం సంఘటనలో లేదు, దయానిధి ఆలోచన నడిచే తీరులో ఉంది. అటువంటి నవలకు ఏకవాక్యం తలుపు చూపగలదు, ఇల్లు చూపలేదు. ఆ లోటును ఒక పుట సంగ్రహం కొంత పూరించాలి.

ఇక ఆ పుట సంగతి. ఇది అట్టవెనుక వ్రాసే ఊరింపు కాదు. "ఆ తరువాత ఏమైందో నవలలో చదవండి" అని ముగించిన సంగ్రహాలు నేను చాలా చూశాను. దీన్ని చదివేది కొనబోయే పాఠకుడు కాదు, రచయితకు ముగింపు చేతనవునో కాదో తేల్చుకోవలసిన సంపాదకుడు. కనుక ముగింపు దాచకూడదు. నవల ఉత్తమ పురుషలో ఉన్నా సంగ్రహం ప్రథమ పురుషలోనే ఉంటుంది. క్రియలు 'చదువుతుంది, వెళ్తుంది' అనే తద్ధర్మ రూపంలో నడవాలి. భవిష్యత్తుకూ అదే రూపం కనుక 'రేపు', 'త్వరలో' వంటి మాటలు పడితే అర్థం తారుమారవుతుంది, జాగ్రత్త. మన లిపిలో వత్తులకూ గుడులకూ పంక్తుల మధ్య చోటు కావాలి. పుటలో మూడు వందల మాటలకు అటూ ఇటూ పడతాయనుకుని వ్రాసుకోవడం మంచిది. అందులో ముగ్గురి పేర్లకంటే ఎక్కువ మోయలేము. మిగిలినవారు తమ్ముడు, తహసీల్దారు, పొరుగింటావిడ అని వరుసతోనో ఉద్యోగంతోనో సరిపెట్టుకోవాలి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడ కాదు, పాళ్ళలో. మన అమ్మాయి మొదటి సంగ్రహంలో పుట సగానికి వచ్చేసరికి కథానాయిక ఇంకా రైలు దిగలేదు. బాల్యం, తాతగారి పాండిత్యం, 1984లో కరణాల ఉద్యోగాలు రద్దు కావడం, ఆ కుటుంబం చితికిపోవడం, అన్నీ వివరంగా ఉన్నాయి. ఒక చిన్న కొలత చెప్తాను. సంగ్రహంలో సరిగ్గా మధ్య పంక్తి మీద వేలు పెట్టండి. అది నవలలో ఎన్నో అధ్యాయమో చూడండి. ఇరవైనాలుగు అధ్యాయాల నవలలో ఆమె వేలు మూడో అధ్యాయం మీద పడింది. అంటే మిగిలిన ఇరవైఒక్క అధ్యాయాలూ అరపుటలో కుక్కబడ్డాయి. నాటక సంధులు చదువుకున్నవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ముఖం, ప్రతిముఖం మీద మోజుతో గర్భ విమర్శ సంధులను మింగేస్తే, నిర్వహణం ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంటుంది.

తిరగవ్రాసిన సంగ్రహం ఇలా మొదలయింది: "భర్త పోయాక పుట్టింటికి చేరిన రాజ్యలక్ష్మిని, రెండు కుటుంబాల పొలం తగాదాలో తాత కాలపు దఫ్తరం చదివిపెట్టమని ఊరు అడుగుతుంది. ఆ రాత ఆమెకు తప్ప ఎవరికీ రాదు." రెండు వాక్యాల్లో ముఖసంధి అయిపోయింది. తాతగారి పాండిత్యానికి చోటులేదు, రద్దు సంగతి 'తాత కాలపు' అన్న మాటలో అణిగిపోయింది. (మన లిపిలో పెద్దబడి అక్షరాలు లేవు కనుక పేరు మొదటిసారి వచ్చినచోట ముద్దక్షరాలు వాడాము.)

మధ్యభాగం ఇది: "తగాదా పొలం లెక్క వెతుకుతుండగా, తమ ఇంటి స్థలం ఎర్రయ్య తండ్రి పేర ఉండేదని, ఆయన అప్పు తీర్చినట్టు వ్రాసిన పంక్తిని తాత కొట్టివేసి స్థలం కలుపుకున్నాడని ఆమె చూస్తుంది. ఆ పుట దాటవేసి చదువుతుంది. అందువల్ల ఊరు ఆమెను నమ్ముతుంది. ఆ నమ్మకంతోనే ఎర్రయ్య, తన తండ్రి స్థలం సంగతి కూడా చూడమ్మా అని వస్తాడు. ఈలోగా ఇల్లు అమ్మకానికి బయానా తీసుకున్న తమ్ముడు దఫ్తరం కాల్చేయమంటాడు."

ఇక్కడ ఒక్కొక్క వాక్యం ముందున్న వాక్యంవల్లనే పుట్టింది. వాక్యాల మధ్య 'ఆ తరువాత' పెట్టి చూడండి, తరువాత 'అందువల్ల', 'అయినా' పెట్టి చూడండి. మొదటిది మాత్రమే అతికితే కథలో కీలు లేదన్నమాట. దాటవేసి చదివినందువల్ల నమ్మకం, నమ్మకంవల్ల ఎర్రయ్య రాక. అబద్ధమే ఆమెను నిజం ముందు నిలబెట్టింది. నవలలో ఇది పదకొండు అధ్యాయాలు. సంగ్రహంలో ఇది సరిగా పడకపోతే సమస్య తరచుగా సంగ్రహానిది కాదు, నవలదే. ఆ పదకొండింటిలో రెండు అధ్యాయాలు ఏ 'అందువల్ల'కూ తగులుకోవని ఆమెకు అప్పుడే కనబడింది. ఒకటి తీర్థయాత్ర. ఎంతో అందంగా వ్రాసింది, అయినా తీసేసింది.

ముగింపు దగ్గర మాత్రం మా ఇద్దరికీ వాదన వచ్చింది. నవలలో రాజ్యలక్ష్మి తహసీల్దారు ఎదుట కొట్టివేసిన పంక్తితో సహా మొత్తం చదువుతుంది, తమ్ముడు తెగతెంపులు చేసుకుంటాడు, ఆమె అద్దె గదికి మారుతుంది. ఆ గదిలో ఎర్రయ్య మనుమరాలికి గొలుసుకట్టు నేర్పుతూ ఉండగా కథ ఆగుతుంది. సంగ్రహానికి తీర్పు చాలు, పాఠం చెప్పడం అలంకారం అని రచయిత్రి అంటుంది. ఏకవాక్యం 'ఆఖరి మనిషి' అని మొదలయింది కదా, ఆమె ఇక ఆఖరి మనిషి కాదన్నదే అసలు ముగింపు, ఇల్లు పోవడం కాదు అని నేనన్నాను. తమ్ముడి గురించిన రెండు పంక్తులు కుదించి ఆ ఒక్క వాక్యానికి చోటు చేసింది. ఇప్పుడు పుటలో ఇంకా మూడు పంక్తులు ఖాళీ ఉన్నాయి, వాటిని నింపవద్దని చెప్పాను.