యంత్రాలు రెండూ సరైనవే, తప్పు గీతది

ఆసుపత్రి ల్యాబ్‌కు రక్తంలో సోడియం కొలిచే కొత్త యంత్రం వస్తే, ముందు దాన్ని పాతదానితో పోల్చి చూడాలి. అవే నమూనాలను రెండింటి మీదా పరీక్షిస్తారు. పాత రీడింగులను అడ్డంగా, కొత్తవాటిని నిలువుగా గ్రాఫ్ మీద పెట్టి, స్ప్రెడ్‌షీట్‌తో ఒక సరళరేఖ గీయిస్తారు. రేఖ వాలు 1 వచ్చి, అది సున్నా దగ్గర మొదలైతే రెండూ ఏకీభవించినట్టే.

చిక్కంతా ఆ రేఖతోనే. స్ప్రెడ్‌షీట్ మామూలుగా వాడేది కనిష్ఠ వర్గాల పద్ధతి. అది నిలువు దిశలోని తేడాలనే లెక్కిస్తుంది. అంటే పాత యంత్రం రీడింగుల్లో దోషమే లేదని ముందే ఒప్పేసుకుంటుంది. కానీ ఒకే నమూనాను రెండుసార్లు పెడితే పాత యంత్రం కూడా కాస్త తేడాగా చూపిస్తుంది.

దీని ఫలితం ఎంతో ఒక లెక్కలో చూద్దాం. రోగుల అసలు సోడియం సగటు లీటరుకు 140 మిల్లీమోల్స్, ప్రామాణిక విచలనం 3 అనుకుందాం. రెండు యంత్రాలూ నిజానికి సమానమే, ఒక్కోదాని యాదృచ్ఛిక దోషం 1. అప్పుడు అసలు విలువల విస్తృతి 9, దోషం విస్తృతి 1. కనిష్ఠ వర్గాల రేఖ వాలు 9/(9+1), అంటే 0.9 దగ్గర వస్తుంది. రేఖ సున్నా దగ్గర కాకుండా 14 దగ్గర మొదలవుతుంది. అక్షాలు తారుమారు చేసినా మళ్లీ 0.9 దగ్గరే. ఏది నిలువుగా ఉంటే తప్పు దానిదన్నట్టు కనిపిస్తుంది! నమూనాలు పెంచినా ఇది పోదు, 0.9 మరింత ధీమాగా నిలబడుతుంది.

ఆ రేఖను నమ్మి కొత్త యంత్రాన్ని ‘సరిదిద్దితే’, 125 చూపాల్సిన చోట దాదాపు 123 చూపిస్తుంది. సోడియం తగ్గిన రోగికి ఇంకా తగ్గినట్టు రిపోర్టు వెళ్తుంది. బాగున్న యంత్రాన్ని చెడగొట్టినట్టే.

డెమింగ్ రిగ్రెషన్ రెండు దిశల దోషాలనూ లెక్కలోకి తీసుకుంటుంది. 1878లో ఆడ్‌కాక్ మొదలుపెట్టిన ఈ ఆలోచనకు 1943లో డెమింగ్ రాసిన పుస్తకంతో ప్రచారం వచ్చింది. పై లెక్కలో అది వాలును 1గానే ఇస్తుంది. అయితే రెండు యంత్రాల దోష విస్తృతుల నిష్పత్తి దానికి చెప్పాలి. ప్రతి నమూనానూ రెండింటి మీదా రెండేసి సార్లు కొలిస్తే అది తెలుస్తుంది. నిష్పత్తి ఊహించి పెడితే ఈ రేఖ కూడా పక్కకు జరుగుతుంది.

గ్లూకోజ్ లాంటి వాటిలో విలువలు 60 నుంచి 400 దాకా పరుచుకుంటాయి కాబట్టి పాత పద్ధతితో వచ్చే తేడా దాదాపు కనిపించదు. ఒక యంత్రం రీడింగు నుంచి రెండోదాని రీడింగును అంచనా వేయడానికీ అదే తగినది. యంత్రాల మధ్య తేడా తేల్చడానికి మాత్రం, అందులోనూ సోడియంలా ఇరుకు పరిధిలో తిరిగేవాటికి, అది పనికిరాదు. రెండేసి కొలతలు లేని పోలిక రిపోర్టు మీద సంతకం పెట్టకపోవడమే ల్యాబ్‌కు మేలు.