జున్నుపాలు ముందు దూడకి, ఆ తర్వాతే ఇంటికి

పోయిన ఏడు మా గేదె రాత్రి పదింటికి ఈనింది. "మాయ పడకుండా దూడని పొదుగు దగ్గరికి వదలొద్దురా" అని మా పెద్దాయన అంటే సరేనని ఆగాం. మాయ పడేసరికి తెల్లారి ఏడయింది. అప్పుడైనా దూడకి కడుపు నిండా పెట్టామా అంటే అదీ లేదు. జున్నుపాలు పిండి నాలుగిళ్ళకి పంచి, మిగిలింది దూడకి వదిలాం. నాలుగో రోజు దూడకి పారుడు పట్టింది, ఆరో రోజు పోయింది. ఆ ఒక్క కారణంతోనే పోయిందని ఒట్టేసి చెప్పలేను గానీ, పశువుల డాక్టరు గారు అడిగిన మొదటి మాట మాత్రం "జున్నుపాలు ఎన్ని గంటలకి తాగింది?" అనే.

ఎందుకు అడిగారో తర్వాత తెలిసింది. రోగక్రిములని పట్టుకునే యాంటీబాడీలు మనిషి బిడ్డకి కడుపులో ఉండగానే తల్లి నుంచి మాయ గుండా అందుతాయి. గేదె, ఆవు, మేకల్లో మాయ వాటిని దాటనివ్వదు. అందుకే దూడ వట్టి చేతులతో పుడుతుంది. దానికి రావాల్సిందంతా జున్నుపాలలోనే ఉంది. ఆ యాంటీబాడీలని దూడ పేగు చెడగొట్టకుండా రక్తంలోకి పీల్చుకునేది మొదటి రోజే. పుట్టిన మొదటి గంటల్లో బాగా పీలుస్తుంది, ఆరు గంటలు దాటితే తగ్గిపోతుంది, ఇరవై నాలుగు గంటలకి ఆ దారి దాదాపు మూసుకుపోద్ది. మా దూడ తొమ్మిది గంటలు పోగొట్టుకుంది.

30 కిలోల దూడకి మొదటి రోజు సుమారు 3 లీటర్ల జున్నుపాలు పడాలి. అందులో సగం పుట్టిన రెండు గంటల్లోపే, మిగతాది విడతలుగా. మాయ కోసం ఆగే పనే లేదు. దూడ చీకితే పాలు చేపించే హార్మోనే గర్భసంచిని కూడా బిగిస్తుంది. పన్నెండు గంటలు దాటినా మాయ పడకపోతే డాక్టరుని పిలవాలి గానీ చేత్తో లాగకూడదు.

ఇలా ఒకరి నుంచి తెచ్చుకునే రక్షణ చేబదులు లాంటిది. అవసరానికి వెంటనే చేతికొస్తుంది, కొన్నాళ్ళకి అయిపోతుంది. టీకా వేసినప్పుడో, రోగం వచ్చి తగ్గినప్పుడో ఒళ్ళు తానే నేర్చుకుని తయారు చేసుకునేది సొంత సంపాదన. దానికి వారాలు పడుతుంది, కానీ నిలుస్తుంది.

పాముకాటుకి ఆసుపత్రిలో ఎక్కించే మందు కూడా చేబదులే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని ఒళ్ళు యాంటీబాడీలు సంపాదించుకుంటుంది. ఆ గుర్రం రక్తం నుంచి తీసినవే మనకి ఎక్కిస్తారు. విషం క్షణాల్లో పనిచేస్తుంటే మన ఒళ్ళు నేర్చుకునేదాకా ఆగలేం కదా. కానీ "నాకు ఒకసారి మందు ఎక్కింది, ఇక పాము ఏం చేయదు" అనుకుంటే పొరపాటు. ఆ మందు ఒంట్లో వారాలకి మించి ఉండదు. మళ్ళీ కరిస్తే మళ్ళీ ఆసుపత్రికే.

పిచ్చికుక్క రక్తం వచ్చేలా కరిస్తే రెండూ కావాలి. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగాక, ఆసుపత్రిలో ఇమ్యునోగ్లోబులిన్ అనే మందుని గాయంలోనూ చుట్టూనూ పొడుస్తారు. అది చేబదులు. టీకా వల్ల సొంత యాంటీబాడీలు రావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఆ ఖాళీని ఇది కాస్తుంది. గాయంలో సూదులు వేశారు చాలని మిగతా టీకాలు మానేస్తే చేబదులు అయిపోయాక చేతిలో ఏమీ ఉండదు. టీకా మొదలుపెట్టి ఏడు రోజులు దాటాక వచ్చి ఆ మందు వేయమన్నా వేయరు. అప్పటికి సొంతవి మొదలై ఉంటాయి, బయటివి వాటికి అడ్డం పడొచ్చు.

ఈ అడ్డమే దూడ దగ్గరా వస్తుంది. తల్లి యాంటీబాడీలు ఒంట్లో బలంగా ఉండగా టీకా వేస్తే, అవే టీకా మందుని పట్టేసుకుంటాయి, దూడ ఒళ్ళు నేర్చుకోదు. అందుకే గాలికుంటు టీకా మొదటి విడత నాలుగు నెలలు నిండాక వేస్తారు, నెల తర్వాత రెండో విడత. "టీకా వేయించినా రోగం వచ్చింది" అని తిట్టేముందు ఎన్నో నెలలో వేయించామో చూసుకోవాలి. ఇంకో మాట. తల్లికి టీకాలు సక్రమంగా పడితేనే ఆ రోగానికి జున్నుపాలలో సరుకు ఉంటుంది.

నేను చెప్పేదల్లా ఇదే. ఈనిన గంటలో దూడని పొదుగు దగ్గరికి చేర్చండి. జున్ను రెండో రోజు వండుకున్నా రుచి పోదు. మీ ఊళ్ళో మాయ పడేదాకా ఆపుతారా, ఆపరా? కింద రాయండి.