ఇంట్లో ఫోన్లు ఒకరి చేతిలో, సిమ్‌లు ఇంకొకరి పేరు మీద.. లెక్క చూసేది ఎలా?

ఎప్పుడూ కొనని సిమ్ ఒకటి మన పేరు మీద నడుస్తుంటే ఆ సంగతి సాధారణంగా మనకు తెలియదు. దానితో ఎవరైనా మోసం చేస్తే మాత్రం పోలీసులు ముందుగా వచ్చేది కాగితాల్లో పేరున్న మనిషి దగ్గరికే. ఇలాంటి సిమ్‌లు చాలావరకు దుకాణంలోనే పుడతాయి. కొత్త సిమ్ కోసం వేలిముద్ర పెట్టగానే ‘పడలేదు, మళ్లీ పెట్టండి’ అంటారు. నిజానికి మొదటిది పడే ఉంటుంది. రెండో ముద్రతో ఇంకో సిమ్ తీసి అమ్ముకున్న కేసులు బయటపడ్డాయి.

వీటిని పట్టుకోవడానికి కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌ను నడుపుతోంది. sancharsaathi.gov.in తెరిచి Know Mobile Connections in Your Name అనే చోట నొక్కాలి. మొబైల్ నంబరు, తెరపై కనిపించే అక్షరాలు టైప్ చేస్తే ఓటీపీ వస్తుంది. అది ఇస్తే నంబర్ల జాబితా వస్తుంది. రుసుము ఏమీ లేదు.

అయితే పొరపాటు జరిగేది ఇక్కడే. ఆ జాబితా ఫోన్ పట్టుకున్న మనిషిది కాదు, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో వారిది. మన ఇళ్లలో అబ్బా ఆధార్ మీదే అమ్మీకి, పిల్లలకు సిమ్‌లు తీసుకోవడం మామూలే కదా!

ఉదాహరణకు కర్నూలులో ఒక ఇల్లు అనుకుందాం. అబ్బా జెద్దాలో పనిచేస్తున్నారు. అమ్మీ తన నంబరుతో చూస్తే ఏడు నంబర్లు వచ్చాయి. ‘నాది ఒక్కటే, మిగతా ఆరూ దొంగవే’ అని ఆమె కంగారు పడ్డారు. ఆరింటినీ ఫిర్యాదు చేసి ఉంటే భర్త ఇండియా నంబరు, పిల్లల నంబర్లు ఆగిపోయే ప్రమాదం ఉండేది. బ్యాంకు ఓటీపీలు కూడా ఆగేవి. ఎందుకంటే ఆమె సిమ్ కూడా భర్త పేరు మీదే ఉంది. కనిపించింది ఆయన జాబితా.

భర్తకు ఫోన్ చేసి, కాగితం మీద రాసుకుని చూస్తే లెక్క తేలింది. జాబితాలో కొన్ని అంకెలు దాచి చూపిస్తారు కాబట్టి చివరి అంకెలతో పోల్చుకోవాలి. ఆయనవి రెండు, ఆమెది ఒకటి, పిల్లలవి రెండు. ఆరోది ఎప్పుడో డాంగిల్ కోసం తీసుకుని మూలన పడేసింది. ఏడోది మాత్రం ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నొక్కే మాట ముఖ్యం. డాంగిల్ సిమ్‌కు Not Required, అంటే తీసుకున్నది మనమే, ఇక అక్కర్లేదని. ఏడోదానికి Not My Number, అంటే మనం అసలు తీసుకోలేదని. రెండోదాన్ని కూడా ‘అక్కర్లేదు’ అని పెడితే అది మనదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఫిర్యాదు చేశాక వచ్చే రిఫరెన్స్ నంబరును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాత కంపెనీ వివరాలు మళ్లీ పరిశీలించి చర్య తీసుకుంటుంది. కొన్ని రోజుల తర్వాత మళ్లీ జాబితా చూస్తే ఆ నంబరు పోయిందో లేదో తెలుస్తుంది.

ఫిర్యాదుతో సిమ్ ఆగుతుంది గానీ, అప్పటికే దానితో జరిగిన నేరం చెరిగిపోదు. పోలీసుల నుంచి ఫోను గానీ నోటీసు గానీ వస్తే ఆ స్క్రీన్‌షాట్ తీసుకుని స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పాలి. డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. దేశంలో చాలాచోట్ల ఒక్కరి పేరు మీద తొమ్మిది సిమ్‌లే ఉండవచ్చు. జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో ఆరే. 2023 టెలికాం చట్టం ప్రకారం పరిమితి దాటితే మొదటిసారి రూ.50 వేల వరకు జరిమానా పడవచ్చు. ఇంటిల్లిపాదికీ ఒకే ఆధార్ వాడితే ఈ లెక్క త్వరగా నిండుతుంది.

ఆ ఇంట్లో ఇంకో ప్రశ్న మిగిలింది. అమ్మీ ఆధార్ మీద ఎవరైనా సిమ్ తీశారా? ఆమె పేరు మీద ఒక్క నంబరూ లేదు కాబట్టి, ఓటీపీ తెప్పించుకుని చూసుకునే దారి ఆమెకు లేదు. కంపెనీ స్టోర్‌కు వెళ్లి ఆమె వాడే సిమ్‌ను ఆమె పేరు మీదికి మార్పించాలి. ఆ తర్వాతే ఆమె సొంత జాబితా తెరుచుకుంటుంది. చనిపోయిన దాదా పేరు మీద దాదీ వాడుతున్న సిమ్‌కూ అదే పని చేయించాలి. ఒక్కో ఫోన్ ఎవరి పేరు మీద ఉందో ముందు తెలుసుకుంటే, ఆ తర్వాత జాబితా చూడటానికి ఐదు నిమిషాలు చాలు.