కొట్టు లెక్క: స్క్రీన్‌షాట్ వచ్చింది, డబ్బు వచ్చిందా?

పోయిన నెల మనం రొక్కం లెక్క చూశాం. ఈ నెల ఫోన్‌లో వచ్చే డబ్బు సంగతి చూద్దాం. ఎప్పటిలాగే కొన్ని మాటలకు అర్థాలు చివర ఇచ్చాను.

మలేషియాలో చిన్న కొట్లవాళ్లకు 555 పుస్తకం తెలియనిది కాదు. అరచేతిలో పట్టే ఆ చిన్న పుస్తకంలోనే మన పెద్దల కాలంలో అరువు రాసేవారు. ఎవరు ఏం తీసుకున్నారు, ఎంత ఇవ్వాలి అన్నది కొట్టాయన తన చేత్తో రాసుకునేవాడు. ఇప్పుడు కొట్టు గల్లా పక్కన గులాబీ రంగు డుయిట్‌నౌ క్యూఆర్ బొమ్మ ఉంటుంది. కొన్నవాళ్లు దాన్ని స్కాన్ చేసి, డబ్బు పంపి, "ఇదిగో అక్కా" అని ఫోన్ తెర చూపిస్తారు. ఇంటికి సరుకు పంపమన్నవాళ్లు ఆ తెర బొమ్మను వాట్సాప్‌లో పెడతారు. అదే స్క్రీన్‌షాట్.

ఇక్కడ ఒక తేడా గమనించండి. 555 పుస్తకంలో రాసింది కొట్టాయన. స్క్రీన్‌షాట్ పంపేది కొన్నవాళ్లు. అంటే అది "నేను ఇచ్చాను" అని వాళ్లు చెప్పే మాట. "నాకు ముట్టింది" అని చెప్పగలిగేది మన ఖాతా ఒక్కటే. అందుకే రోజు చిట్టాలో ఈ రెండింటికీ వేరువేరు గళ్లు ఉండాలి.

ఎలా రాయాలి

ఒక్కో అమ్మకానికి ఒక్కో వరుస. వరుసలో ఆరు గళ్లు చాలు: వరుస సంఖ్య, డబ్బు పంపిన వేళ, మొత్తం, పంపినవారి పేరు, రెఫరెన్స్ నంబరులో చివరి నాలుగు అంకెలు, చివరగా ఒక ఖాళీ గడి. మొదటి ఐదు గళ్లు స్క్రీన్‌షాట్ చూసి నింపుతాం. ఆరో గడిని మాత్రం స్క్రీన్‌షాట్ చూసి నింపకూడదు. మన బ్యాంకు యాప్ తెరిచి, ఆ డబ్బు మన ఖాతాలో కనిపించాకే అక్కడ టిక్ పెట్టాలి.

వేళ రాసేటప్పుడు స్క్రీన్‌షాట్ మనకు అందిన వేళ కాదు, దాని లోపల ఉన్న వేళ రాయండి. పొద్దున తొమ్మిదికి పంపిన డబ్బు స్క్రీన్‌షాట్‌ను సాయంత్రం చూపించేవాళ్లు ఉంటారు. తేదీ కూడా చూడండి. నిన్నటి బొమ్మను ఈ రోజు చూపిస్తే తేడా తేదీలోనే తెలుస్తుంది.

మొత్తం సెన్‌తో సహా రాయండి. రొక్కం ఇచ్చేటప్పుడు బిల్లును దగ్గరి 5 సెన్‌కు సర్దుతాం. 23.47 రింగిట్ల బిల్లుకు రొక్కం 23.45 తీసుకుంటాం. ఫోన్‌లో పంపేటప్పుడు ఆ సర్దుబాటు లేదు, 23.47 పూర్తిగా రావాలి. చిట్టాలో 23.45 అని రాస్తే రాత్రి రెండు సెన్ తేడా వస్తుంది. రెండు సెన్ పెద్ద డబ్బు కాదు గానీ, దాన్ని వెతకడానికి పట్టే అరగంట పెద్దదే.

ఒక శనివారం లెక్క

ఒక చిన్న కిరాణా కొట్టు అనుకుందాం. పగలు తల్లి గల్లా దగ్గర ఉంటుంది, సాయంత్రం కూతురు ఉంటుంది. వీళ్ల బ్యాంకు ప్రతి అమ్మకం డబ్బునూ విడిగా, వెంటనే ఖాతాలో వేస్తుంది. ఆ రోజు చిట్టాలో ఫోన్ డబ్బు ఇలా ఉంది:

1. పొద్దున 9:12, 18.60 రింగిట్లు, చివరి అంకెలు 3051
2. పొద్దున 9:40, 42.00 రింగిట్లు, చివరి అంకెలు 7716
3. పొద్దున 11:05, 7.35 రింగిట్లు, చివరి అంకెలు 0492
4. మధ్యాహ్నం 12:30, 65.90 రింగిట్లు, చివరి అంకెలు 8830
5. సాయంత్రం 4:15, 42.00 రింగిట్లు, చివరి అంకెలు 7716
6. సాయంత్రం 6:20, 23.47 రింగిట్లు, చివరి అంకెలు 1267

అన్నీ కూడితే 199.32. రాత్రి తొమ్మిదికి కొట్టు మూసి బ్యాంకు యాప్ చూస్తే, ఆ రోజు వచ్చింది 173.32. అంటే 26 రింగిట్లు తక్కువ.

ఇక్కడ చాలామంది 26 రింగిట్ల అమ్మకం కోసం వెతుకుతారు. అది దొరకదు, ఎందుకంటే అలాంటి అమ్మకం లేదు. రెండు వేర్వేరు తప్పులు కలిసి 26 అయ్యాయి. అందుకే మొత్తాల తేడా పట్టుకుని వెతకకండి. ఖాతాలో ఒక్కో పద్దు చూస్తూ చిట్టాలో ఒక్కో టిక్ పెట్టుకుంటూ వెళ్లండి. చివరికి రెండు రకాలు మిగులుతాయి: చిట్టాలో ఉండి టిక్ పడనివి, ఖాతాలో ఉండి చిట్టాలో లేనివి.

మన శనివారంలో ఐదో వరుసకు టిక్ పడలేదు. 42 రింగిట్లు ఖాతాలో ఒక్కసారే వచ్చాయి. చివరి అంకెలు చూడండి. రెండో వరుసలోనూ 7716, ఐదో వరుసలోనూ 7716. అంటే రెండూ ఒకే స్క్రీన్‌షాట్.

ఇది మోసమా? తొందరపడి అనకండి. ఇద్దరినీ అడిగితే సంగతి తెలిసింది. వీధి చివర ఉండే పిన్ని పొద్దున వాట్సాప్‌లో సరుకు చెప్పి, డబ్బు పంపి, స్క్రీన్‌షాట్ పెట్టింది. తల్లి రాసుకుంది. సాయంత్రం పిన్ని కొడుకు వచ్చి, అమ్మ పంపిన బొమ్మ చూపించి సరుకు తీసుకెళ్లాడు. కూతురు మళ్లీ రాసింది, అదీ స్క్రీన్‌షాట్ లోపలి వేళ కాకుండా అబ్బాయి వచ్చిన వేళ వేసి. లోపలి వేళ రాసి ఉంటే రెండు వరుసల్లోనూ 9:40 కనిపించి, అప్పటికప్పుడే తెలిసిపోయేది. అమ్మకం ఒకటే, సరుకు ఒకసారే వెళ్లింది, డబ్బూ ఒకసారే వచ్చింది. చివరి నాలుగు అంకెలు లేకపోతే, ఆ రాత్రి పిన్ని ఇంటికి ఫోన్ చేసి "డబ్బు రాలేదు" అని అడిగేవాళ్లు. పదేళ్ల పరిచయం ఒక్క ఫోన్‌తో చెడేది.

రెండో సంగతి: మధ్యాహ్నం 1:05కి ఖాతాలో 16 రింగిట్లు వచ్చాయి. చిట్టాలో ఆ వరుస లేదు. జనం ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరో స్కాన్ చేసి, చెయ్యి ఊపి వెళ్లిపోయి ఉంటారు. ఆ అమ్మకాన్ని ఏడో వరుసగా చేర్చి, "ఖాతా చూసి రాసింది" అని పక్కన రాయాలి. ఐదో వరుసను చెరిపెయ్యకండి. దాని మీద ఒక్క గీత గీసి, "2వ వరుసే" అని రాయండి. కింద ఏముందో రేపు కూడా చదవగలగాలి.

ఇప్పుడు కూడండి. 199.32లోంచి 42 తీసేస్తే 157.32. దానికి 16 కలిపితే 173.32. ఖాతాతో సరిపోయింది.

నంబర్లు కలవకపోతే

కొన్నవారి తెర మీద ఉన్న రెఫరెన్స్ నంబరే మన ఖాతాలోనూ కనిపిస్తుందని అనుకోకండి. వాళ్ల బ్యాంకు ఇచ్చే నంబరు ఒకటి, మన బ్యాంకు చూపే నంబరు ఇంకొకటి కావచ్చు. అప్పుడు మొత్తం, వేళ, పేరు, ఈ మూడూ కలిపి చూసి టిక్ పెట్టండి. అయినా వాళ్ల నంబరు రాసుకోవడం మానకండి. ఒకే బొమ్మ రెండుసార్లు వస్తే పట్టించేది అదే. డబ్బు దారిలో ఆగిపోతే, బ్యాంకువాళ్లు వెతకడానికి అడిగేదీ అదే.

టిక్ పడని వరుస

స్క్రీన్‌షాట్ మీద ఏ మాట ఉందో చదవండి. `Successful` అని ఉంటే డబ్బు పంపడం అయిందని ఆ తెర చెబుతోంది. `Pending` అని ఉంటే ఇంకా అవలేదు. `Scheduled` అని ఉంటే ముందు ఒక రోజున పంపమని పెట్టారు, ఈ రోజు పంపలేదు. `IBG` అని ఉంటే అది వెంటనే వచ్చే రకం కాదు. బ్యాంకు పనిచేసే రోజుల్లోనే చేరుతుంది. శుక్రవారం రాత్రి పంపింది సోమవారం రావచ్చు. అలాంటి వరుసకు ఆరో గడిలో "రావాలి" అని రాసి, రేపటి చిట్టా మొదట్లోకి దించుకోండి. డబ్బు వచ్చేదాకా అది అరువు కిందే లెక్క.

ఎవరికి పంపారో కూడా చూడండి. స్క్రీన్‌షాట్‌లో డబ్బు అందుకున్నవారి పేరు ఉంటుంది. అక్కడ మన కొట్టు పేరు లేకపోతే, మన క్యూఆర్ బొమ్మ మీద ఎవరో తమ బొమ్మ అంటించారేమో వెంటనే చూడాలి. అలా జరిగితే కొన్నవాళ్లు నిజంగానే డబ్బు ఇచ్చారు, మనకు మాత్రం ముట్టలేదు. పొద్దున కొట్టు తెరవగానే బొమ్మ అంచును గోరుతో ఒకసారి తడమండి. మీద ఇంకో కాగితం ఉంటే తెలిసిపోతుంది.

ఇక బొమ్మలోని అంకెలు మార్చి పంపే దొంగ స్క్రీన్‌షాట్లూ ఉన్నాయి. అక్షరాల సైజు చూసి, రంగు చూసి వాటిని పట్టుకోవాలని ప్రయత్నించకండి. బాగా చేసిన దాన్ని కంటితో పట్టలేం. ఆరో గడి ఉన్నది అందుకే. విలువైన సరుకైతే టిక్ పడ్డాకే చేతికివ్వండి. "ఒక్క నిమిషం తమ్ముడూ, ఖాతా చూసుకుంటాను" అంటే ఎవరూ తప్పు పట్టరు.

దాచడం

వాట్సాప్‌లో వచ్చినవి అక్కడే వదిలెయ్యకండి. ఫోన్ మారితే పోవచ్చు. నెలకొక ఫోల్డర్ పెట్టి, తేదీ, వరుస సంఖ్య, మొత్తం కలిపి పేరు పెట్టండి. జూన్ 14న ఆరో వరుస అయితే ఇలా:

```
0614-06-23.47
```

మలేషియాలో వ్యాపారం లెక్కల కాగితాలు 7 ఏళ్లు ఉంచాలని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. చిట్టాతో పాటు ఇవీ ఉంచండి. వీటిలో కొన్నవారి పేర్లు, ఖాతా వివరాలు ఉంటాయి, కాబట్టి వేరే గ్రూపుల్లోకి పంపకండి.

ఈ నెల మాటలు

రొక్కం: చేతిలో ఉన్న నోట్లు, నాణేలు.
గల్లా: కొట్టులో డబ్బు వేసే పెట్టె.
అరువు: సరుకు ఇప్పుడు, డబ్బు తరువాత.
చిట్టా: ఏ రోజు లెక్క ఆ రోజు రాసే పుస్తకం.
పద్దు: లెక్కలో రాసిన ఒక్క వరుస.
ముట్టింది: చేతికి అందింది. "డబ్బు ముట్టింది" అంటే నాకు వచ్చింది అని అర్థం.

మీరు చేయండి: ఒక రోజు చిట్టాలో ఫోన్ డబ్బు 88.50, ఖాతాలో 94.50. టిక్‌లు పెట్టాక చిట్టాలో 12 రింగిట్ల వరుస ఒకటి మిగిలింది. దాని స్క్రీన్‌షాట్ మీద `Scheduled` అని ఉంది. మరి చిట్టాలో రాయకుండా వదిలేసిన అమ్మకాలు ఎన్ని రింగిట్లవి? జవాబు వచ్చే నెల.